పరంజా కార్డు అందుకున్న మన వాళ్ళకు
(ఆక్లాండ్‌లో జరిగిన చిన్న అభినందన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది మన వాళ్ళు ఏడుగురు పరంజా పనిలో సర్టిఫికెట్ ఆఫ్ కాంపిటెన్స్ తెచ్చుకున్నారు. ఏడుగురికీ సైట్ సూపర్‌వైజర్లమైన మా అందరి తరఫున అభినందనలు. ఇంకో తమ్ముడు కూడా వీళ్ళతో పాటే కూర్చుని చదివాడు. అతనికి ఇంకా ఒక అసెస్‌మెంట్ మిగిలి ఉంది. అయినా ఇవాళ వచ్చి కుర్చీలు వేసింది అతనే. వచ్చేసారి కుర్చీలు మిగతా ఏడుగురూ వేస్తారు, మేము రాసి పెట్టుకున్నాం.

ఇక్కడున్న ఆడవాళ్ళు కొందరు మమ్మల్ని అడిగారు: "ఊళ్ళో పదేళ్ళు పరంజాలు కట్టిన మనిషికి ఇక్కడ మళ్ళీ పరీక్ష ఏమిటన్నా?" అని. అడగాల్సిన ప్రశ్నే. మన దగ్గర సర్వే బాదులు, కొబ్బరి తాడు, ఒక మేస్త్రీ మాట, ఇవి ఉంటే నాలుగంతస్తులు లేచేవి. పనితనం లేక కాదు, తాడు ముడి వేయడంలో మన వాళ్ళను మించిన వాళ్ళను మేము చూడలేదు. తేడా ఎక్కడంటే, అక్కడ పరంజా బాగుందో లేదో ఎవరు చెప్పాలో మన సైట్లలో ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. మేస్త్రీ ఎక్కమంటే ఎక్కేవాళ్ళం. ఇక్కడ ఆ మాట చెప్పే మనిషి ఎవరో చట్టం రాసి పెట్టింది. మనిషైనా, వస్తువైనా 5 మీటర్లు లేదా అంతకంటే ఎక్కువ ఎత్తు నుంచి పడే అవకాశం ఉన్న పరంజా అయితే, దాన్ని కట్టాలన్నా, మార్చాలన్నా, విప్పాలన్నా తగిన కార్డు ఉన్న మనిషే చేయాలి, లేదా ఆ మనిషి దగ్గరుండి చేయించాలి. మొదలుపెట్టే ముందు కనీసం 24 గంటల ముందుగా వర్క్‌సేఫ్‌కు తెలియజేయాలి. 5 మీటర్లంటే ఎంతో ఎత్తు అనుకోకండి. రెండంతస్తుల ఇంటి చూరు దగ్గర పని చేస్తున్నామంటే దాదాపు అక్కడికి వచ్చేసినట్టే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాం. ఈ కార్డు కంపెనీది కాదు, మీది. మీ పేరు మీద, మీ ఫోటోతో వస్తుంది. అయిదేళ్ళు చెల్లుతుంది, ఆ తర్వాత మళ్ళీ తాజా చేయించుకోవాలి. దీని వ్యవహారం అంతా వర్క్‌సేఫ్ తరఫున స్కాఫోల్డింగ్, యాక్సెస్ అండ్ రిగ్గింగ్ న్యూజిలాండ్ అనే సంస్థ చూస్తుంది. కార్డును ఆఫీసులో అప్పగించి రావాల్సిన పని లేదు. ఎవరైనా "మా దగ్గర ఉంచు" అంటే ఫోటో కాపీ ఇవ్వండి, అసలుది జేబులో పెట్టుకోండి. అలాగని కార్డు వచ్చింది కదా అని రేపే ఇంకో కంపెనీకి వెళ్ళిపోకూడదు. మనలో చాలామంది వీసా ఫలానా యజమాని దగ్గర పని చేయడానికే ఇచ్చింది. కంపెనీ మారాలంటే ముందు ఇమిగ్రేషన్ దగ్గర మార్పుకు దరఖాస్తు పెట్టాలి, అనుమతి వచ్చాకే చేరాలి. కార్డు దారి కార్డుది, వీసా దారి వీసాది.

సరే, ఇక అసలు సంగతికి వస్తాం. కార్డు వచ్చాక మీ పనిలో పెద్ద మార్పు ఒక్కటే. నిన్నటిదాకా మీరు పైపులు అందించారు, బిగించారు. రేపటి నుంచి మీరు సంతకం పెడతారు. పరంజా కట్టడం పూర్తయ్యాక అప్పగింత కాగితం మీద ఒకసారి, మెట్ల దగ్గర వేలాడే ట్యాగ్ మీద వారం వారం తనిఖీ తేదీ వేసి ఇంకోసారి. పెద్ద గాలివాన వచ్చినా, భూకంపం వచ్చినా వారం నిండే దాకా ఆగకుండా మళ్ళీ చూసి సంతకం పెట్టాలి. ఆ ట్యాగ్ చూసే పెయింటర్ ఎక్కుతాడు, రూఫర్ ఎక్కుతాడు, కరెంటు పని వాడు ఎక్కుతాడు. వాళ్ళలో ఎవరికీ పరంజా గురించి పెద్దగా తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. మీ సంతకాన్ని నమ్మి ఎక్కుతారు.

అందుకని ఒక తనిఖీ ఎలా సాగుతుందో ఒక ఇంటిని తీసుకుని చెబుతాం. ఏడుగురికీ ఇది తెలిసిందే. కానీ ఇంట్లో వాళ్ళకు మీరు పగలంతా ఏం చేస్తారో తెలియాలి కదా.

రెండంతస్తుల పాత ఇల్లు. గోడలకు నీళ్ళు దిగి, లోపల చెక్క కుళ్ళి, బయటి క్లాడింగ్ మొత్తం విప్పి కొత్తది వేస్తున్నారు. ఇలాంటి ఇళ్ళు ఆక్లాండ్‌లో ఎన్నో. పని జరుగుతున్నప్పుడు వాన లోపలికి రాకూడదని పరంజా చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ చుట్టేస్తారు. కట్టి మూడు వారాలైంది. సోమవారం ఉదయం తనిఖీ.

ముందు పైకి ఎక్కరు. కింద నేల చూస్తారు. నిలువు పైపు, అంటే స్టాండర్డ్, దాని కింద ఇనుప బేస్ ప్లేటు, దాని కింద సోల్ బోర్డు అనే దళసరి చెక్క ఉంటాయి. బరువంతా ఆ చెక్క మీదుగా నేలలోకి దిగుతుంది. ఆక్లాండ్‌లో చాలా చోట్ల బంకమట్టి. ఎండాకాలంలో రాయిలా ఉంటుంది, చలికాలం వానలకు పిండిలా అవుతుంది. పరంజా కట్టిన రోజు బాగున్న నేల మూడు వారాల తర్వాత అలాగే ఉంటుందని నమ్మకం లేదు. పైగా మధ్యలో డ్రైనేజీ వాడు వచ్చి గోడ పక్కన కాలువ తవ్వి ఉంటాడు. అతని పని అతను చేసుకున్నాడు, మీ సోల్ బోర్డు అంచుకు జానెడు దూరంలో మట్టి లేకుండా పోయింది. ఎలా తెలుస్తుంది? బేస్ ప్లేటును బూటుతో తట్టి చూడాలి. గట్టిగా ఉంటే బరువు దాని మీదే ఉంది. కదిలినా, కింద సందు కనిపించినా ఆ కాలు గాలిలో వేలాడుతోందని అర్థం, దాని బరువు పక్క కాళ్ళు మోస్తున్నాయని అర్థం. పక్క కాళ్ళు ఏమీ అనవు. ఆ మౌనాన్ని నమ్మకూడదు.

తర్వాత టైలు. ఏడుగురికీ మేము గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే, కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడతాం. టై అంటే పరంజాను గోడకు పట్టి ఉంచే బిగింపు. పరంజా దానంతట అది సన్నగా, పొడుగ్గా ఉండే వస్తువు, గోడను పట్టుకోబట్టే నిలబడుతుంది. ఇప్పుడు క్లాడింగ్ వేసే మనిషికి ఈ టై అడ్డం. ప్యానెల్ పెట్టాలంటే టై తీయాలి. తీస్తాడు, ప్యానెల్ పెడతాడు, ఇంకో టై పెట్టకుండా ముందుకు వెళ్ళిపోతాడు. చెడ్డవాడు కాదు, ఆ టై ఏం చేస్తుందో అతనికి ఎవరూ చెప్పలేదు.

టై ఏం చేస్తుందో లెక్క వేద్దాం. ఆ ఇంటి ఒక వైపు పరంజా 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల ఎత్తు అనుకుందాం. ప్లాస్టిక్ చుట్టడం వల్ల అది 60 చదరపు మీటర్ల తెరచాప అయింది. గంటకు 72 కిలోమీటర్ల గాలి వచ్చిందనుకోండి, అది ఈ దేశంలో వింతేమీ కాదు, వెల్లింగ్టన్‌లో ఉన్న వాళ్ళయితే నవ్వుతారు. ఆ గాలి చదరపు మీటరుకు సుమారు 24 కిలోల బలంతో నెడుతుంది. 60 చదరపు మీటర్లకు మొత్తం దాదాపు ఒకటిన్నర టన్నులు. ఒక కారు బరువంత. గాలి వేగం రెట్టింపయితే ఈ బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. మూలల దగ్గర ఇంకా ఎక్కువ గుంజుతుంది, అసలు డిజైన్ లెక్కలో అవన్నీ వస్తాయి. ఇది చేతి లెక్క మాత్రమే.

ఇప్పుడు ఆ ఒకటిన్నర టన్నులను పది టైలు పంచుకుంటే ఒక్కోటి 150 కిలోలు. క్లాడింగ్ వాడు నాలుగు తీసేశాడనుకోండి, మిగిలిన ఆరింటి మీద ఒక్కోదానికి 250 కిలోలు. అదీ అన్నింటి మీదా సమానంగా పడితే. తీసిన నాలుగూ ఒకే మూలలో ఉంటే ఆ పక్కనున్న టై ఎంత మోస్తోందో ఇంక చెప్పక్కర్లేదు. అది ఊడితే దాని బరువు పక్కదాని మీద పడుతుంది, అది ఊడితే ఇంకో దాని మీద. చొక్కా గుండీలు తెగినట్టు వరసగా పోతాయి. ప్లాస్టిక్ లేని పరంజా ఆ గాలికి పైపుల మధ్య నుంచి దారి ఇస్తుంది. అందుకే ప్లాస్టిక్ చుట్టాలంటే ముందే ఇంజనీరు లెక్క కావాలి, టైలు ఎక్కువ పెట్టాలి. మామూలుగా కట్టిన పరంజాకు వారం తర్వాత "వాన వస్తోంది, కాస్త ప్లాస్టిక్ చుట్టేయండి" అని ఎవరైనా అంటే, అది చిన్న కోరిక కాదు. అది వేరే పరంజా కట్టమని అడగడం.

టై పోయిందని ఎలా తెలుస్తుంది? అప్పగింత రోజు గీత బొమ్మలో ఎన్ని టైలు ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో చేతిలో పెట్టుకుని లెక్కపెట్టాలి. జ్ఞాపకంతో లెక్కపెట్టకండి. మూడు వారాలుగా చూస్తున్న పరంజాలో లేని టై కూడా కంటికి ఉన్నట్టే కనిపిస్తుంది. పై అంతస్తులో నిలబడి చేత్తో పరంజాను గోడ వైపు, బయటి వైపు నెట్టి చూడండి. ఊగితే దగ్గర్లో ఏదో వదులైంది. గోడలో ఖాళీ బోల్టు రంధ్రం కనిపిస్తే అక్కడ నిన్నటిదాకా టై ఉంది.

ఆ తర్వాత పలకలు, రెయిలింగులు. గార్డ్‌రెయిల్ పలక మీద నుంచి 900 నుంచి 1100 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి, మధ్యలో ఇంకో రెయిల్, కింద వస్తువులు జారకుండా టో బోర్డు. సామాను పైకి ఎక్కించడానికి రెయిల్ తీసి పెట్టకపోవడం మనం రోజూ చూసేదే, చెప్పి ఊరుకుంటాం.

చివరగా బరువు. ట్యాగ్ మీద లైట్, మీడియం, హెవీ అని ఉంటుంది. ఒక్కో బేకు, అంటే రెండు జతల నిలువు పైపుల మధ్య గదికి, లైట్ అయితే 225 కిలోలు, మీడియం 450, హెవీ 675. ఇందులో మనుషులు కూడా కలిసే ఉంటారు, ఇదే చాలామంది మర్చిపోయేది. అదే ఇంట్లో కప్పు పెంకులు మారుస్తున్నారు, పరంజా మీడియం. కాంక్రీటు పెంకు ఒక్కోటి సుమారు నాలుగున్నర కిలోలు. వంద పెంకులు పేరిస్తే చూడ్డానికి ఓ చిన్న దొంతరే, కానీ అక్కడికే 450 కిలోలు అయిపోయింది. ఇక ఆ బేలో మనిషి నిలబడే చోటు లేదు. ఇద్దరు మనుషులు పనిముట్లతో తలా వంద కిలోలు అనుకుంటే, మిగిలేది 250 కిలోలు, పెంకులు 55. కాబట్టి దొంతర ఒకే చోట పెట్టకుండా బేల మధ్య పంచాలి. చాలదంటే ముందే హెవీ పరంజా అడగాలి. ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? పలకలు మధ్యలో వంగుతాయి, కానీ అప్పటికే ఆలస్యం. లెక్క పెంకులు పైకి ఎక్కక ముందే వేయాలి.

కరెంటు తీగలున్న చోట ఇంకో లెక్క ఉంది. పరంజాకు తీగకు మధ్య 4 మీటర్ల దూరం లేకపోతే, తీగల యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా పని మొదలుపెట్టకూడదు. ఇనుప పైపు పొడుగు గుర్తుంచుకోండి. నిలబెట్టిన దూరం కాదు, తిప్పినప్పుడు దాని కొన ఎక్కడికి వెళ్తుందో అది చూడాలి.

ఇంతవరకు పని. ఇక మనసులో మాట. ఇది అందరూ గుసగుసగా అడిగేదే, కాబట్టి మైకులోనే చెబుతాం. "అన్నా, టైలు లేవు, నేను సంతకం పెట్టనంటే బాసు ఏమంటాడు? వీసా ఆయన చేతిలో ఉంది కదా?" అని.

2015లో ఈ దేశంలో హెల్త్ అండ్ సేఫ్టీ అట్ వర్క్ చట్టం వచ్చింది. 2010 నవంబరులో పైక్ రివర్ బొగ్గు గనిలో పేలుడు జరిగి 29 మంది పోయారు. ఆ తర్వాతే పాత చట్టాన్ని తిరగరాశారు. ఆ చట్టం 83వ సెక్షన్ ప్రకారం, పని చేస్తే తీవ్రమైన ప్రమాదం వెంటనే ఎదురవుతుందని సరైన కారణంతో నమ్మిన కార్మికుడు ఆ పని ఆపవచ్చు, చేయనని చెప్పవచ్చు. వీసా మీద ఉన్నవాడికి ఒకటి, ఇక్కడి పౌరుడికి ఒకటి అని అందులో లేదు. కానీ రెండు పద్ధతులు పాటించాలి. పని ఆపిన సంగతి వీలైనంత త్వరగా కంపెనీకి చెప్పాలి. ఇంటికి వెళ్ళిపోకూడదు, వేరే తగిన పని ఇస్తే చేయడానికి అందుబాటులో ఉండాలి.

చెప్పే తీరు కూడా ఉంది. మన వాళ్ళకు రెండే తెలుసు: తలవంచి "ఎస్ సర్" అనడం, లేదంటే ఓర్చి ఓర్చి ఒకరోజు గొడవ పెట్టుకోవడం. రెండూ వద్దు. ఫోటో తీయండి. ఖాళీ బోల్టు రంధ్రం ఫోటో, గీత బొమ్మలో అదే చోటు ఫోటో. "ఈ పక్క నాలుగు టైలు లేవు. అవి పెట్టేదాకా ట్యాగ్ తీసేసి మెట్ల దగ్గర అడ్డం కడుతున్నాను. మనుషులను, సామాను ఇస్తే మధ్యాహ్నానికి సరిచేస్తాను" అని ఫోన్లో మెసేజ్ పెట్టండి. అందులో కోపం లేదు, భయం లేదు, ఎంతసేపు పడుతుందో కూడా ఉంది. మేము సూపర్‌వైజర్లం కాబట్టి చెబుతున్నాం, ఇలాంటి మెసేజ్ వచ్చినప్పుడు పని ఆగిందన్న చిరాకు ముందు వస్తుంది, నిజమే. కానీ దాన్ని పక్కన పెట్టి సంతకం పెట్టమని ఒత్తిడి చేయడం చాలా కష్టం, ఎందుకంటే అది రాతలో ఉంది.

ఒక సైట్లో, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, మన తమ్ముడు ఒకడు అచ్చం ఇలాగే చేశాడు. ఫోర్‌మన్ మొదట గట్టిగానే మాట్లాడాడు. తమ్ముడు ఎదురు మాట్లాడలేదు, ఫోటో చూపించి నిలబడ్డాడు. రెండు గంటల్లో టైలు వచ్చాయి. ఆ సాయంత్రం ఫోర్‌మనే వచ్చి, క్లాడింగ్ మనుషులు టై తీసే ముందు నిన్ను అడగాలని రేపటి టూల్‌బాక్స్ మీటింగులో నువ్వే చెప్పు అన్నాడు. మర్నాడు తమ్ముడు ఇంగ్లీషులో మూడు నిమిషాలు మాట్లాడాడు. ముందు రాత్రి అద్దం ముందు పదిసార్లు చెప్పుకున్నాడని వాళ్ళావిడ చెప్పింది. ఆ తమ్ముడు ఇవాళ మూడో వరసలో కూర్చున్నాడు, పేరు చెప్పొద్దన్నాడు.

అన్ని చోట్లా ఇలా జరగదని మాకూ తెలుసు. పని ఆపినందుకు జీతం కోసినా, వీసా పేరు చెప్పి బెదిరించినా అది దోపిడీ కిందికి వస్తుంది. అలాంటి యజమాని నుంచి బయటపడటానికి దోపిడీకి గురైన వలస కార్మికుల కోసం వేరే వీసా ఒకటి ఉంది, 2021 నుంచి ఇస్తున్నారు. దానికి ముందు ఫిర్యాదు చేయాలి, ఆధారాలు కావాలి. ఆ మెసేజ్‌లు, ఫోటోలు, జీతం స్లిప్పులు అందుకే దాచుకోమంటున్నాం. కాగితాలు నింపడానికి మన వేదిక వాళ్ళు ఆదివారాలు కూర్చుంటారు, వచ్చి అడగండి.

ఏడుగురికీ ఇంకో చిన్న సంగతి. మీరు తెచ్చుకున్న తరగతికి ఏ ఏ రకం పరంజాలు వస్తాయో కార్డు తీసుకున్న రోజే చూసుకోండి. పైనుంచి తాళ్ళతో వేలాడే పరంజాకు తరగతి వేరు. "కార్డు ఉంది కదా, దీన్ని కూడా నువ్వే చూసుకో" అని ఎవరైనా అంటే, ఆ కార్డు నాది కాదు అని చెప్పడం తప్పు కాదు.

చదువు సంగతి కూడా చెప్పకపోతే వీళ్ళకు అన్యాయం చేసినట్టు. పరీక్షలో వీళ్ళను ఇబ్బంది పెట్టింది పని కాదు, మాటలు. లెడ్జర్ అంటే గోడ పొడవునా పోయే అడ్డ పైపు, ట్రాన్సమ్ అంటే దాని మీద అడ్డంగా పడి పలకలను మోసేది. చేతికి తెలుసు, నోటికి తెలియదు. అందుకే గురువారం రాత్రులు ఒకరి గ్యారేజీలో కూర్చుని ప్రతి ముక్కకూ ఇంగ్లీషు పేరు సుద్దతో రాసి, అది ఏం చేస్తుందో తెలుగులో చెప్పుకుని, మళ్ళీ అదే ఇంగ్లీషులో చెప్పుకున్నారు. టీ పెట్టిన ఆ ఇంటి అక్కకు ఇప్పుడు స్వివెల్ కప్లర్‌కు, రైట్ యాంగిల్ కప్లర్‌కు తేడా తెలుసు. కావాలంటే అడిగి చూడండి. ఆ సుద్ద గీతలు గ్యారేజీ గోడ మీద ఇంకా ఉన్నాయట, తుడవొద్దని చెప్పాం. వచ్చే నెల నుంచి కొత్త వాళ్ళు ఆరుగురు అక్కడే మొదలుపెడుతున్నారు. ఈ ఏడుగురిలో ఇద్దరు నేర్పడానికి ఒప్పుకున్నారు, పేర్లు ఇవ్వాల్సిన వాళ్ళు భోజనాల తర్వాత వాళ్ళిద్దరినీ కలవండి.

ఇప్పుడు ఒక్కొక్కరే వచ్చి కార్డు అందుకోండి. ఫోటో తీసేటప్పుడు కార్డు నంబరు కనబడకుండా వేలు అడ్డం పెట్టుకోండి, అందరి ఫోన్లలోకీ వెళ్తుంది. పులిహోర, చికెన్ సిద్ధంగా ఉన్నాయి, కుర్చీలు వేసిన తమ్ముడికి మొదటి ప్లేటు.